ఒకే బిల్లుకు రెండుసార్లు కట్టేస్తే

తెనాలిలో ఒక మందుల షాపు ఉందనుకుందాం. విజయవాడలోని ఒక స్టాకిస్టు దగ్గర సరుకు తెప్పించుకుంటుంది. మార్చి 3న 4417 నంబరు బిల్లు మీద రూ.86,240 సరుకు వచ్చింది. మార్చి 12న 4502 నంబరు బిల్లు మీద రూ.54,610 సరుకు వచ్చింది. ఈ మధ్యలో గడువు తీరిన మందులు వెనక్కి పంపితే, వాటికి స్టాకిస్టు మార్చి 10న రూ.7,380కి క్రెడిట్ నోట్ ఇచ్చాడు. అన్నీ కలిపి చూసుకుంటే షాపు కట్టాల్సింది రూ.1,33,470.

మార్చి 18న సేల్స్‌మన్ వచ్చి కౌంటర్ దగ్గర నిలబడ్డాడు. ఓనరు తన ఫోన్ తీసి, బిల్లు మీదున్న క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి, 4417 బిల్లు డబ్బు మొత్తం యూపీఐలో పంపేశాడు. అది షాపు కరెంట్ అకౌంట్ నుంచి కాదు, తన సొంత సేవింగ్స్ ఖాతా నుంచి వెళ్లింది. ఆ సంగతి షాపులో లెక్కలు రాసే అమ్మాయికి చెప్పలేదు. ఆమె మార్చి 20న ఫైల్లో ఉన్న రెండు బిల్లులూ కూడి, రూ.1,40,850 నెఫ్ట్ చేసింది. క్రెడిట్ నోట్ ఇంకా సేల్స్‌మన్ సంచిలోనే ఉంది, ఆమె చేతికి రాలేదు. నాలుగు రోజుల తర్వాత ఆ నోట్ చేతికొచ్చి, ఓనరును అడిగితే అసలు విషయం బయటపడింది. వెళ్లిన మొత్తం రూ.2,27,090. ఎక్కువ వెళ్లింది రూ.93,620.

ఇలాంటివి ఎక్కువగా జరిగే తీరు ఇదే. సున్నా ఒకటి ఎక్కువ కొట్టడం లాంటివి తక్కువ. ఇద్దరు మనుషులు, రెండు ఖాతాలు, ఒక బిల్లు ఉన్నచోటే డబ్బు రెండుసార్లు పోతుంది. తెలియగానే చాలామంది మొదట బ్యాంకుకు ఫోన్ చేస్తారు. అక్కడ పెద్దగా ఫలితం ఉండదు. డబ్బు తప్పు ఖాతాకు పోలేదు, సరైన వ్యాపారి సరైన ఖాతాకే చేరింది. చేరిన డబ్బును ఆ ఖాతాదారు ఒప్పుకోకుండా బ్యాంకు వెనక్కి లాగలేదు. కాబట్టి అడగాల్సింది స్టాకిస్టునే.

అడిగే ముందు ఒక పని తప్పక చెయ్యాలి. ఎక్కువ పోయిన రూ.93,620ని ఒకే అంకెగా చూడకూడదు. అందులో రెండు వేర్వేరు తప్పులున్నాయి. రూ.86,240 రెండోసారి కట్టిన డబ్బు. రూ.7,380 క్రెడిట్ నోట్ మినహాయించకపోవడం వల్ల పోయిన డబ్బు. మొదటిది స్టాకిస్టు బ్యాంకు స్టేట్‌మెంట్లో విడిగా ఒక వరుసగా కనిపిస్తుంది. రెండోది ఏ బ్యాంకు స్టేట్‌మెంట్లోనూ కనిపించదు, లెడ్జర్లో మాత్రమే తేలుతుంది. రెండూ కలిపి ‘93,620 వెనక్కి ఇవ్వండి’ అని రాస్తే, ఆ అంకె అవతలి అకౌంటెంటు కంప్యూటర్లో ఎక్కడా దొరకదు. దొరకని అంకె గురించి వచ్చిన ఉత్తరాన్ని ఎవరైనా తర్వాత చూద్దామని పక్కన పెడతారు.

అందుకే మొదటి ఫోన్ డబ్బు అడగడానికి కాదు, లెడ్జర్ అడగడానికి. ‘సార్, తెనాలి నుంచి మాట్లాడుతున్నామండీ. ఫిబ్రవరి, మార్చి నెలలకు మా పార్టీ లెడ్జర్ ఒకసారి పంపుతారా? లెక్క సరిచూసుకోవాలి’ అంటే ఏ ఆఫీసూ కాదనదు, పది నిమిషాల్లో వాట్సాప్‌లో వచ్చేస్తుంది.

మన ఉదాహరణలో ఆ లెడ్జర్ చూస్తే షాపువాళ్లు కంగారు పడతారు. అందులో రెండు బిల్లులున్నాయి, క్రెడిట్ నోట్ ఉంది, మార్చి 20 నాటి నెఫ్ట్ ఉంది. చివర్లో రూ.7,380 మాత్రమే మీది మా దగ్గర ఉందని చూపిస్తోంది. యూపీఐలో పంపిన రూ.86,240 ఊసే లేదు. ఆఫీసుకు ఫోన్ చేస్తే అకౌంటెంటు నిజాయితీగానే అంటాడు: ‘మా లెక్కలో ఏడు వేల చిల్లరే ఎక్కువుందండీ. మిగతాది మాకు రాలేదు.’

ఇక్కడే చాలా గొడవలు మొదలవుతాయి. షాపాయన తన ఫోన్లో ‘పేమెంట్ సక్సెస్’ స్క్రీన్ చూపిస్తాడు, ఆఫీసాయన తన లెడ్జర్ చూపిస్తాడు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. యూపీఐ డబ్బు స్టాకిస్టు బ్యాంకు ఖాతాకు ఓనరు సొంత పేరుతో వచ్చింది, షాపు పేరుతో కాదు. బిల్లు నంబరు లేదు. వందల మంది రిటైలర్ల దగ్గర నుంచి రోజూ డబ్బు వచ్చే ఆఫీసులో, పేరు చూసి ఏ షాపుదో తెలియని జమను సస్పెన్స్ ఖాతాలో పడేస్తారు. ఎవరిదో తేలేదాకా అది అక్కడే ఉంటుంది. ఎవరూ అడగకపోతే నెలల తరబడి ఉంటుంది.

ఆ ముడి విప్పేది యూటీఆర్ నంబరు. ప్రతి బ్యాంకు బదిలీకీ ఒక విడి నంబరు పడుతుంది. యూపీఐలో అది 12 అంకెలు. నెఫ్ట్‌లో అక్షరాలు, అంకెలు కలిపి 16 ఉంటాయి. ఆర్టీజీఎస్‌లో 22. పంపినవాళ్ల స్టేట్‌మెంట్లోనూ అందుకున్నవాళ్ల స్టేట్‌మెంట్లోనూ అదే నంబరు కనిపిస్తుంది కాబట్టి, అకౌంటెంటు తన బ్యాంకు స్టేట్‌మెంట్లో ఆ నంబరు కొట్టి వెతికితే వరుస దొరికిపోతుంది. పేరేదైనా ఫరవాలేదు. ఒక జాగ్రత్త ఉంది. యూపీఐ యాప్‌లో రెండు రకాల నంబర్లు కనిపిస్తాయి. యాప్ తనకోసం పెట్టుకున్న ట్రాన్సాక్షన్ ఐడీ ఒకటి, బ్యాంకు యూటీఆర్ ఒకటి. పొడవాటి ఐడీని పంపితే అవతలివాళ్లకు అది దొరక్కపోవచ్చు. 12 అంకెలున్నదే పంపాలి. స్క్రీన్‌షాట్ కంటే బ్యాంకు స్టేట్‌మెంట్లోని ఆ ఒక్క పేజీ నయం. నకిలీ స్క్రీన్‌షాట్లు చూసి చూసి అకౌంటెంట్లు వాటిని నమ్మడం మానేశారు.

ఇప్పుడు ఏది వాపసు అడగాలి, ఏది సర్దుబాటు చెయ్యమనాలి అన్నది తేల్చుకోవాలి. ఈ షాపుకు రూ.7,380 వాపసు అడగడం అనవసరం. వచ్చే వారం బిల్లులో పోతుంది. రూ.86,240 సంగతి వేరు. అది షాపు దాదాపు ఒక నెల కొనుగోలు. స్టాకిస్టు దగ్గర ఉంచేస్తే, ఆ డబ్బు చెల్లేదాకా అవసరం ఉన్నా లేకపోయినా అక్కడే సరుకు కొనాలి. సేల్స్‌మన్ మాత్రం ‘వాపసు ఎందుకండీ, సరుకు తీసేసుకోండి, స్కీమ్ కూడా ఇప్పిస్తా’ అంటాడు. అతని టార్గెట్ అతనిది. మందుల షాపులో అవసరం లేని సరుకు తెచ్చుకుంటే అందులో కొంత గడువు తీరి మళ్లీ ఎక్స్‌పైరీ పెట్టెలోకే చేరుతుంది. ఇంత పెద్ద మొత్తానికి వాపసే అడగాలన్నది నా అభిప్రాయం.

కొందరు ఏదీ అడగకుండా తర్వాతి బిల్లుల్లో తామే కోసుకుని కడతారు. లెక్క ప్రకారం తప్పేమీ లేదనిపిస్తుంది. కానీ స్టాకిస్టు సాఫ్ట్‌వేర్‌కు ఆ సంగతి తెలియదు. కొత్త బిల్లు సగమే కట్టినట్టు, మిగతాది బాకీ ఉన్నట్టు చూపిస్తుంది. ఆ బాకీకి రోజులు లెక్కపెడుతుంది. గడువు దాటగానే ఆర్డరు ఆగిపోతుంది. స్టాకిస్టు దగ్గర లక్ష దాకా డబ్బు ఉన్న షాపుకే సరుకు ఆపేశారన్న విచిత్రం ఇలాగే జరుగుతుంది.

రెండు చెల్లింపుల్లో ఏది వెనక్కి అడగాలన్నది కూడా ఆలోచించాల్సిందే. 4417 బిల్లుకు యూపీఐలోనూ డబ్బు వెళ్లింది, నెఫ్ట్‌లోనూ వెళ్లింది. నెఫ్ట్‌లో రెండు బిల్లులు కలిసి ఉన్నాయి. యూపీఐది ఒక్క బిల్లు మొత్తం, పైసాతో సహా సరిపోతుంది. పైగా అది షాపు పుస్తకాల్లోకి ఇంకా ఎక్కనే లేదు. కాబట్టి యూపీఐ డబ్బును వచ్చిన ఖాతాకే వెనక్కి పంపమంటే, అటు సస్పెన్స్ ఖాతాలో ఉన్న వరుస అలాగే ఖాళీ అవుతుంది, ఇటు షాపు లెక్కల్లో దేన్నీ తిరగరాయనక్కర్లేదు.

వచ్చిన ఖాతాకే అని ప్రత్యేకంగా అనడానికి ఇంకో కారణముంది. ‘మీకు పొరపాటున ఎక్కువ పంపాం, ఈ ఖాతాకు తిప్పి పంపండి’ అని మోసగాళ్లు కూడా ఉత్తరాలు రాస్తున్నారు. అసలు కస్టమర్ పేరుతో ఈమెయిల్ పంపి, కొత్త ఖాతా నంబరు ఇస్తారు. అందుకని కొత్త ఖాతా వివరాలతో వచ్చిన వాపసు అభ్యర్థనను ఏ జాగ్రత్తపరుడైన అకౌంటెంటూ వెంటనే పాస్ చెయ్యడు, చెయ్యకూడదు కూడా. డబ్బు ఏ ఖాతా నుంచి వచ్చిందో దానికే పంపమంటే ఆ అనుమానానికి చోటుండదు. స్టాకిస్టు ‘మా రూల్ ప్రకారం షాపు పేరున్న ఖాతాకే పంపుతాం’ అంటే, అది కూడా న్యాయమైన మాటే. అప్పుడు షాపు ఖాతా క్యాన్సిల్డ్ చెక్కు, దానితోపాటు ఓనరు సంతకంతో ‘నా ఖాతా నుంచి వెళ్లిన మొత్తాన్ని షాపు ఖాతాకు పంపడానికి నాకు అభ్యంతరం లేదు’ అన్న కాగితం ఇవ్వాలి. సేల్స్‌మన్ చేతికి నగదు ఇచ్చి పంపిస్తామంటే మాత్రం వద్దనాలి. నగదుకు యూటీఆర్ ఉండదు. రేపు ఆ డబ్బు ముట్టిందా లేదా అన్నది మాట మీదే నడుస్తుంది.

ఇక ఉత్తరం. ఫోన్లో మాట్లాడాక అదే రోజు ఈమెయిల్ పంపి, దాన్నే వాట్సాప్‌లో కూడా పెట్టాలి. సేల్స్‌మన్‌కు ఒక కాపీ వెళ్లొచ్చు గానీ, ఉత్తరం అకౌంట్స్‌కే వెళ్లాలి. మన షాపు రాయాల్సింది ఇలా ఉంటుంది:

‘విషయం: బిల్లు నం. 4417కు రెండుసార్లు జమ అయిన రూ.86,240 వాపసు

అకౌంట్స్ మేనేజర్ గారికి నమస్కారం.

మీ బిల్లు నం. 4417 (మార్చి 3, రూ.86,240)కు మా నుంచి రెండుసార్లు డబ్బు వచ్చింది. మొదటిది మార్చి 18న మా ప్రొప్రైటరు సొంత సేవింగ్స్ ఖాతా నుంచి యూపీఐలో రూ.86,240. దాని యూటీఆర్ కింద ఇచ్చాం. ఖాతా ఆయన పేరు మీద ఉన్నందువల్ల మా లెడ్జర్లో అది కనిపించడం లేదు. రెండోది మార్చి 20న షాపు కరెంట్ అకౌంట్ నుంచి నెఫ్ట్‌లో వచ్చిన రూ.1,40,850. ఇందులో బిల్లు 4417, బిల్లు 4502 (రూ.54,610) రెండూ ఉన్నాయి.

దయచేసి మార్చి 18 నాటి రూ.86,240ని అది వచ్చిన ఖాతాకే తిరిగి పంపండి. ఈ మొత్తాన్ని వేరే ఏ బిల్లుకూ జమ చెయ్యవద్దని మనవి. క్రెడిట్ నోట్ నం. 318 (మార్చి 10) తాలూకు రూ.7,380ని మాత్రం మా తర్వాతి బిల్లులో తగ్గించండి.

డబ్బు ఏ తేదీన పంపుతారో మార్చి 27లోగా తెలియజేయగలరు. పంపాక యూటీఆర్ నంబరు, సరిచేసిన లెడ్జర్ కూడా పంపండి. రెండు చెల్లింపుల బ్యాంకు స్టేట్‌మెంట్ పేజీలు జత చేశాం. సందేహం ఉంటే ఈ నంబరుకు ఫోన్ చెయ్యండి.’

ఇంతే. క్షమాపణలు, పాత స్నేహాలు, పిల్లల ఫీజులు ఇందులో అక్కర్లేదు. అకౌంటెంటు మళ్లీ ఒక్క ప్రశ్న కూడా అడగాల్సిన పని లేకుండా తన స్క్రీన్ మీద సరిచూసుకోగలిగితే ఉత్తరం పని చేసినట్టే.

‘వేరే ఏ బిల్లుకూ జమ చెయ్యవద్దు’ అన్న వాక్యం మర్యాద కోసం పెట్టింది కాదు. భారత కాంట్రాక్టు చట్టం 1872లో 59, 60 సెక్షన్లు దీని గురించే చెబుతాయి. డబ్బు కట్టేవాడు ఫలానా బాకీకి అని చెబితే, పుచ్చుకున్నవాడు దానికే జమ చేసుకోవాలి. ఏమీ చెప్పకపోతే, చెల్లాల్సిన బాకీల్లో తనకు నచ్చినదానికి జమ చేసుకోవచ్చు. మీకు నిజంగానే ఇంకో బిల్లు బాకీ ఉంటే, మౌనంగా ఉన్నకొద్దీ ఆ డబ్బు అటు సర్దేసే అవకాశం పెరుగుతుంది.

అదే చట్టంలోని 72వ సెక్షన్ అసలు హక్కును ఇస్తుంది. పొరపాటున కట్టిన డబ్బును పుచ్చుకున్నవాడు తిరిగి ఇవ్వాలి. ఆ సెక్షన్ కింద చట్టమే ఇచ్చిన ఉదాహరణ మన షాపు కథలాగే ఉంటుంది. ఇద్దరు కలిసి ఒకరికి వంద రూపాయలు బాకీ. ఒకడు వెళ్లి కట్టేస్తాడు. ఆ సంగతి తెలియక రెండోవాడు మళ్లీ వంద కడతాడు. ఆ వంద రెండోవాడికి తిరిగి ఇచ్చి తీరాలంటుంది చట్టం. నూటయాభై ఏళ్ల కిందటే దీన్ని రాసి పెట్టారంటే, అప్పుడూ ఇద్దరు మనుషులు ఒకరికొకరు చెప్పుకోకుండానే డబ్బు కట్టేవారన్నమాట. ఈ సెక్షన్లను మొదటి ఉత్తరంలో రాయనక్కర్లేదు. రాస్తే అది అకౌంట్స్ బల్ల మీంచి వకీలు బల్ల మీదికి పోతుంది, అక్కడ ఇంకా ఆలస్యమవుతుంది.

స్టాకిస్టు వైపు నుంచి ఒక మాట రావచ్చు: ‘దానికేముంది, 86,240కి క్రెడిట్ నోట్ ఇచ్చేస్తాం.’ దీనికి ఊరికే సరే అనకూడదు. జీఎస్టీ చట్టంలో క్రెడిట్ నోట్ అన్నది బిల్లు విలువ గానీ పన్ను గానీ ఎక్కువ పడినప్పుడు, సరుకు వెనక్కి పోయినప్పుడు ఇచ్చేది. ఇక్కడ బిల్లు సరిగానే ఉంది, సరుకు షాపులోనే ఉంది. డబ్బు మాత్రమే రెండుసార్లు వెళ్లింది. 4417 బిల్లు మీద జీఎస్టీ క్రెడిట్ నోట్ వేస్తే, అది స్టాకిస్టు రిటర్నులోంచి షాపు జీఎస్టీఆర్-2బిలోకి వచ్చి పడుతుంది. షాపుకు న్యాయంగా రావాల్సిన ఇన్‌పుట్ క్రెడిట్ తగ్గిపోతుంది. అంటే వాపసు కోసం వెళ్లి పన్ను నష్టపోవడం. సర్దుబాటే చేసుకుందామని మీరు ఒప్పుకున్నా, ‘మీ ఖాతాలో ఇంత జమ ఉంది, ఫలానా బిల్లుల్లో తగ్గిస్తాం’ అన్న ఉత్తరం, దానికి తగ్గ లెడ్జర్ చాలు.

తేదీ ఎందుకు అడగాలన్నది ఇప్పుడు చూద్దాం. ‘వీలైనంత త్వరగా పంపండి’ అని రాస్తే ‘తప్పకుండా పంపుతామండీ’ అని జవాబు వస్తుంది. రెండు మాటలూ మంచివే గానీ, ఎవరి డైరీలోనూ ఏ రోజూ గుర్తు పడదు. చాలా ఆఫీసుల్లో బయటికి వెళ్లే డబ్బుకు వారంలో ఒకటి రెండు రోజులే కేటాయిస్తారు. ఒకరు ఎంట్రీ చేస్తే, ఇంకొకరు, సాధారణంగా యజమాని, బ్యాంకు సైట్లో ఆమోదించాలి. వాపసు అన్నది మామూలు బిల్లు కాదు కాబట్టి దానికి ఎవరో ఒకరు విడిగా సంతకం పెట్టాలి. తేదీ అడిగితే అకౌంటెంటు ఆ వారం జాబితాలో మీ పేరు రాసుకుంటాడు, యజమానిని ముందే అడుగుతాడు.

బ్యాంకు వల్ల ఆలస్యమైందన్న మాట ఇప్పుడు పెద్దగా నిలవదు. నెఫ్ట్ 2019 డిసెంబరు 16 నుంచి రాత్రీ పగలూ, ఆదివారాలు సెలవులు కూడా నడుస్తోంది. అరగంటకొక బ్యాచ్ పోతుంది. బ్యాచ్ సెటిల్ అయ్యాక రెండు గంటల్లో అందుకునే బ్యాంకు డబ్బు జమ చెయ్యాలి, లేదంటే తిప్పి పంపాలి. కనుక ‘నిన్ననే పంపాం, బ్యాంకులో ఆగింది’ అంటే మెత్తగా ఒకటే అడగాలి: ‘యూటీఆర్ చెబుతారా సార్, మా బ్యాంకులో కనుక్కుంటాం.’ నంబరు ఇస్తే డబ్బు నిజంగా బయల్దేరింది. మీ బ్యాంకు దాన్ని పట్టుకుంటుంది. ఇవ్వలేకపోతే ఎంట్రీ పడింది గానీ ఆమోదం ఇంకా కాలేదని అర్థం. అప్పుడు ఫోన్ చెయ్యాల్సింది అకౌంటెంటుకు కాదు, ఆమోదం ఇచ్చే యజమానికి.

చెప్పిన తేదీ దాటిపోతే రెండో ఉత్తరం మొదటిదానికే జవాబుగా, చిన్నదిగా ఉండాలి. ‘మార్చి 28న పంపుతామని మార్చి 26న మీరు తెలిపారు. ఈ రోజు వరకు మా ఖాతాలో జమ కాలేదు. కొత్త తేదీ తెలుపగలరు.’ అవతలివాళ్లు ఇచ్చిన తేదీనే గుర్తు చెయ్యడం వల్ల ఇందులో కొత్త వాదన ఏదీ ఉండదు. రెండు మూడు తేదీలు ఇలా జారిపోతేనే పెద్దమనుషులనో, కెమిస్టుల సంఘాన్నో, ఆ తర్వాత వకీలునో కదిలించాలి. దావాకు సాధారణంగా మూడేళ్ల గడువు ఉంటుంది గానీ, అంతదాకా ఆగితే సాక్ష్యాలూ మనుషులూ మారిపోతారు. స్టాకిస్టు వ్యాపారం మూసేస్తే మిగతా అప్పులవాళ్ల వరుసలో మీరూ నిలబడాలి.

డబ్బు జమ కాగానే మొత్తం, తేదీ, యూటీఆర్ సరిచూసుకుని ‘ముట్టింది’ అని ఒక లైను జవాబివ్వాలి. అవతలి అకౌంటెంటు సస్పెన్స్ ఖాతా మూసేది దాన్ని చూసే. తర్వాత సరిచేసిన లెడ్జర్లో రూ.7,380 జమ తప్ప ఇంకేమీ మిగలలేదని చూసుకోవాలి. ఏప్రిల్ మొదట్లో స్టాకిస్టు ఆఫీసు నుంచి ‘మార్చి 31 నాటికి మీ బాకీ ఇంత, సంతకం చేసి పంపండి’ అని బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ కాగితం వస్తుంది. దాని మీద చూడకుండా సంతకం చేసే అలవాటు చాలా షాపుల్లో ఉంది. వాపసు ఏప్రిల్‌కు జారిపోయి ఉంటే, ఆ కాగితంలో రూ.86,240 మీకు రావాల్సినట్టు కనిపించాలి. కనిపించకపోతే ‘ఈ మొత్తం ఇంకా మాకు రావాలి’ అని పక్కన చేత్తో రాసి, యూటీఆర్ నంబరు వేసి, అప్పుడే సంతకం పెట్టాలి.